హెర్నియా ఆపరేషన్ వాయిదా గురించి

గుంటూరు,
14.11.2024

జనరల్ సర్జరీ యూనిట్ చీఫ్ గారికి,

నమస్కారం సార్. ఫిమేల్ సర్జికల్ వార్డు 12వ బెడ్, 56 ఏళ్ల పేషెంటు. ఇన్సిషనల్ హెర్నియాకి 18వ తేదీ సోమవారం మెష్ రిపేర్ పోస్ట్ చేశారు. దాన్ని డిసెంబరు 2కి జరపమని నా విన్నపం.

ఐదు నెలల్లో 46 కిలోల నుంచి 38.5కి దిగారు, అంటే 16 శాతం పైన. ఎత్తు 152 సెం.మీ., బీఎంఐ 16.7. మడమల దగ్గర నీరుంది, కాబట్టి అసలు బరువు ఇంకా తక్కువే. కణతలు గుంటలు పడ్డాయి, చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఎస్‌జీఏ గ్రేడ్ సి. అల్బుమిన్ 2.7కి తగ్గింది. సీఆర్‌పీ, లివర్, కిడ్నీ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి, యూరిన్‌లో ప్రొటీన్ లేదు.

కారణం పథ్యం. పప్పు వాతమని, గుడ్డు వేడని ఎవరో చెబితే మానేశారు. రెండు పూటలా చారన్నం, రెండు టీలు: రోజుకి సుమారు 520 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఈ స్థితిలో కోత మానడం ఆలస్యమవుతుంది. గాయానికి ఇన్ఫెక్షన్ వస్తే మెష్ దాకా పోతుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్కసారిగా తినిపిస్తే రీఫీడింగ్ భయం ఉంది. పొటాషియం ఇప్పటికే 3.4, ఫాస్ఫరస్ 2.6. అందుకే మొదటి ఐదు రోజులు వార్డులోనే ఉంచండి. ముందు థయమిన్ 100 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, పది రోజులకి రాయగలరు. పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం ఈ ఐదు రోజులూ చూడాలి. తగ్గితే ఆహారం పెంచడం ఆపి, వాటిని సరిచేద్దాం. రేపు 550 కేలరీలతో మొదలుపెట్టి, రోజుకి 150 చొప్పున పెంచి, ఐదో రోజుకి 1150కి తెస్తాను. ప్రొటీన్ 58 గ్రాములు, అంటే కిలోకి 1.5.

పూర్తి స్థాయికి వచ్చాక రోజుకి రెండు ఉడికించిన గుడ్లు, 300 మి.లీ. పాలు, 200 గ్రాముల పెరుగు, 40 గ్రాముల పెసరపప్పు, 140 గ్రాముల బియ్యం అన్నం, రెండు చెంచాల నూనె. వీటితో 48 గ్రాములు వస్తుంది, మిగతా పది ప్రొటీన్ పౌడరుతో. పప్పు మెత్తగా, పలుచగా, కాస్త ఇంగువ వేసి పెడితే తింటున్నారు. కోడలికి కొలతలు గ్లాసుల్లో, గరిటెల్లో చూపించాను. గ్రాములు చెబితే ఇంటికెళ్లాక ఎవరూ తూచరు.

అల్బుమిన్ 3.5 అయ్యేదాకా ఆగమనడం లేదు. దాని హాఫ్ లైఫే దాదాపు 20 రోజులు, రెండు వారాల్లో పెద్దగా కదలదు. బరువు కూడా మొదట్లో నీటితో మోసం చేస్తుంది. నేను చూసేవి మూడు: వరసగా వారం రోజులు లక్ష్యంలో ముప్పాతిక వంతు పైగా తినడం, వాపు తగ్గడం, చేతి పట్టు బలం పెరగడం (ఇవాళ కుడిచేతికి 11 కిలోలు). నవంబరు 29 శుక్రవారం చూసి రాస్తాను. అప్పటికీ నోటితో సరిపడా తినలేకపోతే ముక్కు గొట్టం గురించి మాట్లాడుకుందాం.

ఈలోగా హెర్నియా లోపలికి పోకపోయినా, నొప్పి, వాంతులు మొదలైనా ఈ ఉత్తరం పక్కన పెట్టేయండి. ఆహారం కోసం ఆపరేషన్ ఆగకూడదు. హెచ్‌బీ 8.9 ఉంది, ఐరన్ విషయం మీ నిర్ణయం.

ఇట్లు,
సీనియర్ డైటీషియన్
డైటెటిక్స్ విభాగం

ప్రతి: అనస్థీషియా విభాగం, వార్డు సిస్టర్