కుటుంబ న్యాయం: విడాకుల డిక్రీ తరువాత మనోవర్తి, పిల్లల సంరక్షణపై సమస్యాత్మక ప్రశ్న, నమూనా జవాబు

ప్రశ్న

మాధవి, శ్రీధర్‌ల వివాహం 2012లో హిందూ సంప్రదాయం ప్రకారం జరిగింది. కుమారుడు ఆదిత్యకు ఇప్పుడు పదకొండేళ్లు. 2021 జనవరిలో రెండో కాన్పుకని మలక్‌పేటలోని పుట్టింటికి వెళ్లిన మాధవి, మార్చి 20న కుమార్తె హాసిని పుట్టాక తిరిగి అత్తవారింటికి రాలేదు. ఆదిత్య కూడా ఆమె వద్దే ఉండి చదువుకున్నాడు. 2023 ఏప్రిల్‌లో శ్రీధర్ హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో క్రూరత్వం, పరిత్యాగం ఆధారంగా విడాకులు కోరాడు. మాధవి గట్టిగానే ప్రతివాదించింది. విచారణ కాలంలో ఆమెకు నెలకు 15,000 రూపాయల తాత్కాలిక మనోవర్తి మంజూరైంది. ఆమె సహేతుక కారణం లేకుండా భర్తను విడిచి ఉన్నదని, క్రూరత్వం మాత్రం రుజువు కాలేదని కోర్టు తేల్చి, 2025 మార్చి 14న విడాకుల డిక్రీ ఇచ్చింది. శాశ్వత భరణం గురించి గానీ పిల్లల గురించి గానీ డిక్రీలో ఒక్క మాట లేదు. ఆమె అప్పీలు చేయలేదు.

ఇంతలో 2024 దసరా సెలవులకని ఆదిత్యను కూకట్‌పల్లిలోని తన తల్లి ఇంటికి తీసుకువెళ్లిన శ్రీధర్, తిరిగి పంపకుండా అక్కడే బడిలో చేర్పించాడు. శ్రీధర్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ పోగా నెలకు 1,55,000 రూపాయలు మిగులుతాయి. అయితే తన పేరిట కొన్న ఫ్లాట్ కిస్తీ 48,000, వ్యక్తిగత రుణం 17,000, స్వచ్ఛంద పీఎఫ్ 15,000 తీసివేసి, చేతికి 75,000 మాత్రమే వస్తున్నదని అతను అఫిడవిట్ వేశాడు. ఎమ్మెస్సీ, బీఈడీ చదివిన మాధవి 2016లో ఉపాధ్యాయ ఉద్యోగం మానేసింది. ఇంట్లో ట్యూషన్ల ద్వారా నెలకు 12,000 సంపాదిస్తున్నది.

2024 ఆగస్టులో మాధవి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 సెక్షన్ 144 కింద తనకు, కుమార్తెకు మనోవర్తి కోరింది. 2025 జూలైలో హిందూ వివాహ చట్టం, 1955 సెక్షన్ 25 కింద శాశ్వత భరణం, సెక్షన్ 26 కింద ఇద్దరు పిల్లల సంరక్షణ కోరుతూ దరఖాస్తులు పెట్టింది. తప్పు చేసి విడాకులకు గురైన భార్యకు మనోవర్తి హక్కు లేదని, ఆమె సంపాదించగల విద్యావంతురాలని, కుమారుడి విషయంలో ఈ కోర్టుకు అధికార పరిధి లేదని, పిల్లలిద్దరూ తన వద్దే ఉండాలని శ్రీధర్ కౌంటర్ వేశాడు. చాంబర్‌లో న్యాయమూర్తి అడగగా ఆదిత్య, ‘నాన్న దగ్గరే ఉంటాను, అక్కడ నాకు వేరే గది ఉంది, అమ్మ ఇంట్లో ఎప్పుడూ ట్యూషన్ పిల్లలే’ అన్నాడు. వివాదాంశాలను గుర్తించి, ఉభయుల హక్కులను చర్చించండి.

నమూనా జవాబు

ఇక్కడ తేలవలసిన అంశాలు నాలుగు: పరిత్యాగం రుజువైన భార్యకు మనోవర్తి దక్కుతుందా, దక్కితే ఏ తేదీ నుంచి ఎంత, సంరక్షణ దరఖాస్తును ఈ కోర్టు వినవచ్చా, వినగలిగితే పిల్లల సంక్షేమం ఎవరి వద్ద ఉన్నది. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది మొదటిదాని వద్దే. వివాహబంధం ఎవరి వల్ల తెగిందన్న తీర్పును మనోవర్తికి, పిల్లలకు కూడా అంటగట్టి మూడు వేర్వేరు విచారణలను ఒకటిగా కలిపేస్తారు.

సెక్షన్ 144 వివరణ ప్రకారం, విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా ‘భార్య’యే. తగిన కారణం లేకుండా భర్తతో కాపురానికి నిరాకరించిన భార్యకు మనోవర్తి లేదని ఉపసెక్షన్ 4 చెబుతున్న మాట నిజమే. అయితే డిక్రీ వెలువడిన రోజు నుంచి కలిసి ఉండవలసిన బాధ్యతే లేనప్పుడు, ఆ నిరాకరణ అన్న ప్రశ్న ఎలా వస్తుంది? పరిత్యాగం ఆధారంగా విడాకులైన భార్యకు కూడా డిక్రీ తేదీ నుంచి మనోవర్తి లభిస్తుందని రోహ్తాష్ సింగ్ వర్సెస్ రామేంద్రి (2000) కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక 2024 ఆగస్టు నుంచి 2025 మార్చి 14 వరకు శ్రీధర్ అభ్యంతరానికి కొంత బలం ఉన్నా, ఆ తరువాతి కాలానికి అది నిలవదు. హాసిని హక్కు తల్లి ప్రవర్తనపై ఆధారపడదు కాబట్టి బిడ్డ మనోవర్తికి దరఖాస్తు తేదీ నుంచే అడ్డులేదు.

సెక్షన్ 25 దరఖాస్తు డిక్రీ తరువాత ‘ఎప్పుడైనా’ పెట్టుకోవచ్చు, డిక్రీ మౌనంగా ఉండటం దానికి అడ్డంకి కాదు. ఉభయుల ప్రవర్తనను కోర్టు పరిగణించవచ్చు గానీ, అది మొత్తాన్ని తగ్గించే ఒక అంశం మాత్రమే, హక్కును తుడిచిపెట్టేది కాదు.

తేదీల విషయంలో ఒక మెలిక ఉంది. తాత్కాలిక మనోవర్తి ఇచ్చిన హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 ఉత్తర్వు విడాకుల కేసు ముగియడంతోనే ముగిసింది. శాశ్వత భరణం దరఖాస్తు జూలైలో వచ్చింది. మధ్యలోని నాలుగు నెలలకు మాధవికి దిక్కయ్యేది సెక్షన్ 144 పిటిషన్ ఒక్కటే. రజనీష్ వర్సెస్ నేహా (2020) తీర్పు ప్రకారం మనోవర్తి దరఖాస్తు తేదీ నుంచి ఇవ్వాలి, పాత ఉత్తర్వులను వెల్లడించాలి, చెల్లించిన సొమ్మును సర్దుబాటు చేయాలి. అందువల్ల రెండు పిటిషన్లు ఉన్నాయన్న కారణంతో ఒకదాన్ని కొట్టివేయరు.

మొత్తం నిర్ణయించేటప్పుడు లెక్క 1,55,000 నుంచి మొదలవ్వాలి. స్వచ్ఛంద పీఎఫ్ పొదుపు. ఫ్లాట్ కిస్తీ అతని సొంత ఆస్తిని పెంచే ఖర్చు. ఇలాంటి కోతలను భార్య, పిల్లల కంటే ముందు నిలబెట్టడానికి వీల్లేదు. కల్యాణ్ డే చౌదరి (2017) కేసులో నికర జీతంలో 25 శాతం న్యాయమైన మొత్తంగా సుప్రీంకోర్టు పేర్కొన్నది, ఆ లెక్కన 38,750 అవుతుంది. ఇది కొలబద్ద మాత్రమే, సూత్రం కాదు. ట్యూషన్ల 12,000 అందులో పరిగణనకు వస్తుంది. ఎమ్మెస్సీ, బీఈడీ చదివి ఉండటమే మనోవర్తికి అడ్డు కాదు, సంపాదించగలగడం వేరు, నిజంగా సంపాదించడం వేరని శైలజ వర్సెస్ ఖోబ్బన్న (2017)లో ఉన్నది. 2016లో ఉద్యోగం ఎందుకు మానేసిందో, ఆనాడు రెండేళ్ల బిడ్డను ఎవరు చూసుకున్నారో ఆమె సాక్ష్యంలో చెప్పించడం న్యాయవాది పని.

పరిధి అభ్యంతరం పైకి బలంగా కనిపిస్తుంది. సంరక్షకుల, ఆశ్రితుల చట్టం, 1890 సెక్షన్ 9 బిడ్డ సాధారణంగా నివసించే చోటును చూస్తుంది, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనిది. కానీ మాధవి వచ్చింది ఆ చట్టం కింద కాదు. సెక్షన్ 26 డిక్రీ ఇచ్చిన కోర్టుకే తరువాతి ఉత్తర్వుల అధికారాన్నీ ఇస్తుంది. పైగా సెలవులకని తీసుకువెళ్లి అట్టిపెట్టుకున్న ఇంటిని ‘సాధారణ నివాసం’ అనడమే సందేహాస్పదం.

సంరక్షణలో హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 సెక్షన్ 13 ప్రకారం సంక్షేమమే పరమ ప్రమాణం. అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దే ఉండాలని సెక్షన్ 6 చెబుతుంది. హాసినికి 2026 మార్చి 20న అయిదేళ్లు నిండుతాయి, విచారణ అంతకు మించి సాగే అవకాశం ఉంది. కాబట్టి ఆ ఒక్క నిబంధనపై వాదన నిలపకూడదు. పుట్టినప్పటి నుంచి తల్లి చేతిలో పెరిగిన చిన్నపిల్ల, అనుబంధం ఆధారంగా కూడా ఆమె వద్దే ఉండాలి.

ఆదిత్య విషయం కష్టమైనది. 1890 చట్టం సెక్షన్ 17(3) తెలివిగల మైనరు ఇష్టాన్ని పరిగణించవచ్చంటుంది, పాటించి తీరాలని అనదు. పిల్లవాడు చెప్పిన కారణం గది గురించి, తండ్రి గురించి కాదు. తొమ్మిది నెలలుగా ఒకే పక్షం ప్రభావంలో ఉన్నాడు. పాత బడి డైరీ తెప్పిస్తే 2024 అక్టోబరు వరకు ప్రతి వారం తల్లి సంతకమే కనిపిస్తుంది, దాని విలువ చాంబర్‌లో చెప్పిన రెండు మాటల కంటే ఎక్కువ. అన్నాచెల్లెళ్లను విడదీయకపోవడం కూడా సంక్షేమంలో భాగమే. అయితే విద్యా సంవత్సరం మధ్యలో బడి మార్చడం హాని కాబట్టి, ఇద్దరి సంరక్షణ తల్లికి ఇస్తూ, ఆదిత్య తరలింపును 2026 వేసవి సెలవులకు వాయిదా వేసి, అప్పటిదాకా ప్రతి వారాంతం తల్లి ఇంట, ఆ తరువాత వారం విడిచి వారాంతం, సగం వేసవి సెలవులు తండ్రి వద్ద, వారానికి రెండు వీడియో కాల్స్ ఉండేలా ఉత్తర్వు కోరడం సముచితం. ఆదిత్య తల్లి వద్దకు చేరిన నాటి నుంచి అతని ఖర్చుకు తండ్రి వాటాను కూడా అదే ఉత్తర్వులో పేర్కొనమని ప్రార్థనలో చేర్చాలి.