మెట్ల వంతెన ఆపినప్పుడు చదవాల్సిన ప్రకటనలు

రాజమహేంద్రవరం స్టేషన్, మైకు గది. 2027 గోదావరి పుష్కరాల రాత్రి షిఫ్టు కోసం.

ఈ కాగితం ఒకే ఒక్క సందర్భానికి. సాయంత్రం ఘాట్ల నుంచి తిరిగొచ్చిన జనంతో ఒకటో ప్లాట్‌ఫారం నిండిపోయింది. విజయవాడ వైపు మెట్ల వంతెన మీద నడక ఆగిపోయింది. ఆర్‌పీఎఫ్ వాళ్లు మెట్ల కింద తాడు కట్టేశారు. గోదావరి ఎక్స్‌ప్రెస్ రెండో ప్లాట్‌ఫారానికి, ఆ తర్వాత గౌతమి ఎక్స్‌ప్రెస్ మూడో ప్లాట్‌ఫారానికి రావాలి. నిప్పు, పొగ, పట్టాల మీద ప్రమాదం లాంటి వాటికి వేరే కాగితాలున్నాయి, ఇది తీయొద్దు.

ముందు ఆటోమేటిక్ అనౌన్స్‌మెంట్ ఆపండి. మీరు "నిలబడండి" అంటుంటే వెనకాల రికార్డు గొంతు "మరికొద్ది సేపట్లో వస్తుంది" అంటే జనం రైలు మాటే వింటారు.

ప్రకటన 1. తాడు కట్టారని వాకీటాకీలో చెప్పగానే

ప్రయాణికులు వినండి.
విజయవాడ వైపు మెట్ల వంతెన ఆపాం.
మెట్ల మీద ఉన్నవాళ్లు ఉన్నచోటే నిలబడండి. పక్కనున్న కడ్డీ పట్టుకోండి. పిల్లలను ఎత్తుకోండి.
కింద ఉన్నవాళ్లు మెట్లకు దూరంగా జరగండి.
మెట్ల మీద ఉన్నవాళ్లను సిబ్బంది వరసగా దింపుతారు.
వంతెన తెరవగానే మైకులో చెబుతాం.

రెండుసార్లు చదవండి. మధ్యలో మూడు అంకెలు లెక్కపెట్టేంత విరామం ఇవ్వండి. తర్వాత హిందీ, ఇంగ్లిష్, మళ్లీ తెలుగు. ఇంగ్లిష్ పాఠం వెనక పేజీలో ఉంది. హిందీ చదవడం రానివాళ్ల కోసం తెలుగు అక్షరాల్లో ఇక్కడే రాశాం:

యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ. విజయవాడా కీ ఓర్ వాలా సీఢియోఁ కా పుల్ రోకా గయా హై. సీఢియోఁ పర్ ఖడే యాత్రీ అపనీ జగహ్ ఖడే రహేఁ. నీచే ఖడే యాత్రీ సీఢియోఁ సే దూర్ హటేఁ.

"ఎక్కవద్దు", "తోయవద్దు" అన్న మాటలు కావాలనే పెట్టలేదు. వాక్యం చివర ఇంజిన్ హారన్ మోగితే "వద్దు" పోయి "ఎక్క" మిగులుతుంది. ఏం చేయాలో అదే చెప్పండి. "బ్రిడ్జి మూసేశారు" అని కూడా అనొద్దు. ఈ ఊళ్లో బ్రిడ్జి అంటే సగం మందికి గుర్తొచ్చేది గోదావరి మీది బ్రిడ్జే. ఆ మాట ప్లాట్‌ఫారం దాటేలోపే రైళ్లు రద్దయ్యాయన్న కబురైపోతుంది. అందుకే ప్రతిసారీ "విజయవాడ వైపు మెట్ల వంతెన" అని పూర్తిగా చదవండి, ఎంత విసుగ్గా ఉన్నా సరే.

ప్రకటన 2. మొదటిది కనీసం రెండు విడతలు అయ్యాక, రైళ్ల గురించి

విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్.
నంబరు ఒకటి, రెండు, ఏడు, రెండు, ఏడు.
రెండో ప్లాట్‌ఫారం. ముందు చెప్పిన ప్లాట్‌ఫారమే.

కాకినాడ నుంచి లింగంపల్లి వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్.
నంబరు ఒకటి, రెండు, ఏడు, మూడు, ఏడు.
మూడో ప్లాట్‌ఫారం. ముందు చెప్పిన ప్లాట్‌ఫారమే.

రెండూ రాత్రి బళ్లే, రెండూ హైదరాబాద్ వైపే, పేర్లు రెండూ ఒకే నదివి, నంబర్లలో తేడా ఒక్క అంకె. "హైదరాబాద్ బండి" అని మీరంటే రెండు ప్లాట్‌ఫారాల జనం ఒకేసారి లేస్తారు. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్‌లో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయారు. ప్రయాగ్‌రాజ్ పేరుతోనే ఉన్న రెండు రైళ్ల విషయంలో జనం గందరగోళపడ్డారని అప్పట్లో పోలీసులు చెప్పారు. కాబట్టి బయలుదేరే ఊరు, చేరే ఊరు, పేరు, అంకెలు విడివిడిగా, ఈ వరసలోనే. పుష్కరాల స్పెషళ్లకూ ఇదే పద్ధతి. "స్పెషల్" అన్న ఒక్క మాటతో ఏ బండినీ పిలవొద్దు.

ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పొద్దు. ఇదే పాఠం పావుగంట తర్వాత మళ్లీ చదివినా నిజంగానే ఉండాలి. "ఇప్పుడే", "కాసేపట్లో", "ఇంకో అయిదు నిమిషాలు" అన్నవి మొదటిసారికి మాత్రమే నిజం.

ఈ రాత్రికి ప్లాట్‌ఫారం మార్పు లేదు. మార్చాలని ఎవరు ఫోన్ చేసినా, వంతెన తెరిచేదాకా చదవనని చెప్పి డ్యూటీ స్టేషన్ మాస్టర్‌కు కలపండి.

ప్రకటన 2కు చేర్చే వాక్యం. స్టేషన్ మాస్టర్ సరేనన్నాకే

వంతెన తెరిచేదాకా గోదావరి ఎక్స్‌ప్రెస్ రెండో ప్లాట్‌ఫారం మీదే ఆగి ఉంటుంది.

ఈ కాగితంలో అన్నిటికన్నా బాగా పనిచేసే వాక్యం ఇదే. బండి పోతుందన్న టెన్షన్ తగ్గితే సగం తోపులాట తగ్గుతుంది. ఒకసారి మైకులో చెప్పి ఆ తర్వాత బండి కదిలిందంటే, ఆ రాత్రి మళ్లీ మీరేం చెప్పినా ఎవరూ నమ్మరు. కంట్రోలర్ ఒప్పుకుని, స్టార్టర్ సిగ్నల్ ఎరుపులో ఉంచామని స్టేషన్ మాస్టర్ నోటితో చెప్పాకే చదవండి. బండి ప్లాట్‌ఫారం మీదకు రాకముందు చదవొద్దు.

ప్రకటన 3. ఎవరికైనా దెబ్బ తగిలినా, ఊపిరాడకపోయినా

మెట్ల దగ్గర వైద్యసాయం కావాల్సినవాళ్లు చెయ్యి పైకెత్తండి. పక్కనున్నవాళ్లు కూడా చెయ్యెత్తి చూపండి.
సిబ్బంది మీ దగ్గరికి వస్తారు.
ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లు గోడ పక్కన దారి ఇవ్వండి.

ఎంతమందికి తగిలింది, ఎలా తగిలింది అన్నవి మైకులో రావు. "తొక్కిసలాట" అన్న మాట అసలే వద్దు. 2015 జులై 14న పుష్కరాల మొదటిరోజు ఘాట్‌లో ఏం జరిగిందో ఈ ఊరికి గుర్తుంది. ఆ మాట వినగానే మెట్ల మీద ఉన్నవాళ్లు ఏం చేస్తారో ఎవరమూ చెప్పలేం. 108కి ఫోన్ డ్యూటీ స్టేషన్ మాస్టర్ గది నుంచి వెళ్తుంది, మీరు మైకు వదలొద్దు.

ప్రకటన 4. రెండో వంతెన వాడుకోమని చెప్పడానికి

ఒకటో ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లకు.
విశాఖపట్నం వైపు మెట్ల వంతెన తెరిచి ఉంది.
నడిచి వెళ్లండి. ఎడమ పక్కగా ఎక్కండి.

ఆ మెట్ల కింద, పైన ఆర్‌పీఎఫ్ మనుషులు నిలబడ్డారని తెలిసేదాకా ఇది చదవొద్దు. లేకపోతే రద్దీని ఇక్కడి నుంచి అక్కడికి మార్చినట్టే.

ప్రకటన 5. తాడు తీశాక

ప్రయాణికులు వినండి.
విజయవాడ వైపు మెట్ల వంతెన తెరిచాం.
ముందు వంతెన మీది వాళ్లు దిగుతారు. తర్వాత కింద ఉన్నవాళ్లు ఎక్కుతారు.
ఎడమ పక్కగా నడవండి.
గోదావరి ఎక్స్‌ప్రెస్ రెండో ప్లాట్‌ఫారం మీదే ఉంది. అందరూ ఎక్కాకే కదులుతుంది.
మీవాళ్లు విడిపోయి ఉంటే ఒకటో ప్లాట్‌ఫారం మీద ఆర్‌పీఎఫ్ పోస్టు దగ్గర కలుసుకోండి. ఫోన్ సాయం నంబరు 139.

విడిపోయినవాళ్ల మాట మొదటి ప్రకటనలో లేనిది అందుకే. వంతెన ఆగి ఉండగా పోస్టు దగ్గరికి రమ్మంటే తల్లులు జనానికి ఎదురు నడుస్తారు.

"అందరూ ఎక్కాకే" అన్నదానికీ స్టేషన్ మాస్టర్ మాట కావాలి. గోదావరి అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆ వరుస కొట్టేసి, గౌతమి వరుస ప్రకటన 2లో ఉన్నట్టే చదవండి.

ఈ ప్రకటన మూడుసార్లు. ఆ తర్వాత ప్రకటన 1 కాగితాన్ని తిరగేసి పెట్టండి, షిఫ్టు మారినప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు పొరపాటున మళ్లీ అందుకోకుండా. ఆటోమేటిక్ అనౌన్స్‌మెంట్ తిరిగి వేసేముందు అందులో రెండు బళ్ల ప్లాట్‌ఫారం నంబర్లు సరిచూడండి. ఏ ప్రకటన ఎన్ని గంటలకు చదివారో, ఎవరు చెబితే చదివారో రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టండి.