సెంట్రల్ కిచెన్ ఆడిట్ రిపోర్ట్: గురువారం మీటింగ్‌లో తేల్చాల్సినవి

డైరెక్టర్లకు, మూడు బ్రాంచీల మేనేజర్లకు

కన్సల్టెంట్ ఇచ్చిన రిపోర్ట్ 62 పేజీలు. సిఫార్సులు 11. అందులో ఆరు శుభ్రతకు సంబంధించినవి, పైసా ఖర్చు లేనివి. బొమ్మసంద్ర కిచెన్‌లో వాటిని సోమవారం నుంచే మొదలుపెట్టేశాం. డబ్బు, నిర్ణయం కావాల్సినవి ఈ ఐదే.

నూనె. ఖర్చు రూ. 45,000. వెంటనే. బాధ్యత: కిచెన్ మేనేజర్.
నాకు టెన్షన్ పెట్టింది ఇదొక్కటే. ఆడిట్ రోజు మధ్యాహ్నం గారెల బాండీలో మీటర్ పెడితే, నూనె ఎంత పాడైందో చెప్పే పోలార్ కాంపౌండ్స్ 27 శాతం చూపించింది. ఎఫ్ఎస్ఎస్ఏఐ హద్దు 25. మన పెద్ద వంటాయన "నురగ చూసి చెప్పేస్తా సార్" అంటారు. ఆయన అనుభవం గొప్పదే, కానీ ఇన్‌స్పెక్టర్‌కి నురగ చూపించలేం కదా. సొంత మీటర్ కొనాలి. రోజుకు 50 లీటర్లు దాటి వాడేవాళ్లు నూనె లెక్క రాసి, వాడేసినది అనుమతి ఉన్న ఏజెన్సీకే ఇవ్వాలి. మనం 70 లీటర్లు వాడుతున్నాం, రిజిస్టర్ మాత్రం లేదు.

కోల్డ్ రూమ్. రిపోర్ట్ ప్రకారం రూ. 14 లక్షలు, నా లెక్కలో ప్రస్తుతానికి రూ. 85,000. ఈ నెలలోనే. బాధ్యత: మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్.
లోపల 5 డిగ్రీలు మించకూడదు, 9 ఉంది. కొత్తది కట్టమన్నారు. నేను వెళ్లి చూస్తే తలుపు రబ్బరు ఒక మూల ఊడిపోయి, వేలు దూరేంత సందు ఉంది. ముందు రబ్బరు, ఫ్యాన్ మార్పిద్దాం. రెండు వారాల రీడింగులు చూశాక కూడా దిగకపోతే, 14 లక్షల మాట అప్పుడు.

ట్యాప్ ఏరేటర్లు. రూ. 18,000. ఈ నెల. బాధ్యత: బీటీఎం బ్రాంచ్ మేనేజర్.
2024 ఎండాకాలంలోనే వాటర్ బోర్డు తప్పనిసరి చేసింది. మిగతా రెండు బ్రాంచీల్లో అప్పుడే పెట్టేశాం. బీటీఎంలో ఇంకా ఎందుకు పెట్టలేదో గురువారం చెప్పాలి.

అన్నం వృథా. రూ. 12,000. వచ్చే నెల. బాధ్యత: మారతహళ్లి మేనేజర్.
మారు అన్నం ఆపేయమని రిపోర్ట్ సలహా. దీనికి నేను ఒప్పుకోను. రెండోసారి పప్పు, అన్నం అడిగితే లేదనే ఆంధ్రా మెస్‌కి ఎవరొస్తారు? ఒక కాటా కొని, ఆకుల్లో మిగిలింది నెల రోజులు తూచి చూద్దాం. మొదటి వడ్డనలోనే ఎక్కువ పోస్తున్నామని నా అనుమానం.

స్టాక్ సాఫ్ట్‌వేర్. రూ. 6 లక్షలు. వాయిదా. బాధ్యత: అకౌంట్స్.
గోడౌన్ పుస్తకమే మూడు రోజులు వెనకబడి ఉంది. ముందు అది సరిగ్గా రాయనివ్వండి.

రిపోర్ట్ మొత్తాన్ని అలాగే ఒప్పుకుంటే రూ. 20 లక్షలు దాటుతుంది. నేను అడుగుతున్నది రూ. 1,60,000. మీటర్ కొటేషన్ శనివారం దాకే ఉంటుంది కాబట్టి దానికి ఈలోగా ఫోన్‌లోనే సరేనంటే ఆర్డర్ ఇచ్చేస్తాను.

ఆపరేషన్స్ మేనేజర్