సీఓపీడీ రోగికి నర్సింగ్ కేర్ ప్లాన్: మగవారి మెడికల్ వార్డు, 14వ బెడ్

అసెస్‌మెంట్ (2వ రోజు, ఉదయం 8 గంటలు): వయసు 62, వ్యవసాయ కూలీ. నలభై ఏళ్లుగా రోజుకో కట్ట బీడీలు. వారం నుంచి ఆయాసం, పసుపుపచ్చ కఫం. "బాత్రూమ్ దాకా పోయొస్తే ఊపిరి అందట్లేదమ్మా" అంటున్నారు. శ్వాస నిమిషానికి 28, నాడి 108, గాలి మీద సాచురేషన్ 84%. రెండు వైపులా పిల్లికూతలు. ఏబీజీలో పీహెచ్ 7.34, కార్బన్ డయాక్సైడ్ 54. బరువు 44 కిలోలు, ఎత్తు 164 సెం.మీ.

డయాగ్నోసిస్ 1: ఊపిరితిత్తుల్లో వాయుమార్పిడి దెబ్బతిని ఆక్సిజన్ తగ్గడం, కార్బన్ డయాక్సైడ్ నిలవడం.

లక్ష్యం: సాచురేషన్ 88–92% మధ్య ఉండాలి, మగత రాకూడదు.

ఆర్డర్ ప్రకారం నేజల్ ప్రాంగ్స్‌తో నిమిషానికి 2 లీటర్లు. రాత్రి ఆయాసం చూడలేక ఆయన భార్య నాబ్‌ను 5కు తిప్పారు. తెల్లవారేసరికి సాచురేషన్ 97%, కానీ మనిషి మత్తుగా ఉన్నారు, తలనొప్పి అన్నారు. ఇలాంటి రోగికి 97 మంచి అంకె కాదు. వెంటనే డాక్టర్‌కు చెప్పి, ఆర్డర్ మేరకు 2కు తగ్గించాం. ఫ్లోమీటర్‌పై "2 దాటించవద్దు" అని ప్లాస్టర్ అంటించాం. ఆమెను కోప్పడకుండా కారణం చెప్పాం. గంటగంటకూ సాచురేషన్, శ్వాస, మెలకువ చూడాలి. చేతులు చాపమంటే వణికినా, మాట తడబడినా డాక్టర్‌ను పిలవాలి. టేబుల్ మీద దిండు వేసి, దాని మీదికి వాలి కూర్చోబెట్టాలి.

డయాగ్నోసిస్ 2: చిక్కటి కఫం వల్ల శ్వాసమార్గం శుభ్రపడకపోవడం.

లక్ష్యం: 48 గంటల్లో కఫం సులువుగా బయటకు రావాలి.

సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం నెబ్యులైజేషన్ ఆర్డర్ ప్రకారం, ఆక్సిజన్‌తో కాక గాలితో నడిపి. ఆ సమయంలో ప్రాంగ్స్ తీయొద్దు. తర్వాత నాడి, చేతివణుకు చూడాలి. గట్టిగా దగ్గి అలసిపోతున్నారు కాబట్టి నోరు తెరిచి "హా" అని ఊదడం నేర్పాలి. కాళ్ల వాపు లేదు, గోరువెచ్చని నీళ్లు తరచూ ఇవ్వొచ్చు.

డయాగ్నోసిస్ 3: ఆయాసం వల్ల తిండి చాలకపోవడం. లక్ష్యం: వారంలో బరువు తగ్గకూడదు. ఆరుసార్లు కొద్దికొద్దిగా గుడ్డు, పప్పన్నం, పెరుగు; భోజనానికి ముందు అరగంట విశ్రాంతి. స్టెరాయిడ్ వాడుతున్నారు కనుక షుగర్ చూడాలి.

డయాగ్నోసిస్ 4: ఇన్‌హేలర్ వాడకం తెలియకపోవడం. లక్ష్యం: డిశ్చార్జ్‌లోగా తానే సరిగా చేసి చూపాలి.

నిన్న చేసి చూపమంటే మందంతా తెల్లటి పొగలా నోట్లోంచి బయటికొచ్చింది. స్పేసర్‌తో నిదానంగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టించాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించాలి. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా వదలడం కూడా. బీడీల గురించి భార్య ముందు అడిగితే "మానేశా" అంటున్నారు, ఒంటరిగా మాట్లాడాలి.

ఎవాల్యుయేషన్ (సాయంత్రం 6): సాచురేషన్ 90%, శ్వాస 22, మగత లేదు. కఫం ఇంకా చిక్కగానే ఉంది, 2వ ప్లాన్ కొనసాగించాలి. స్పేసర్ ఇంకా రాలేదు, నైట్ డ్యూటీ సిస్టర్ ఫార్మసీని మళ్లీ అడగాలి.