కడప బండ మీద స్టీలు బాటిల్: పది సెకన్ల ప్రకటన వీడియోకు ప్రాంప్టు

కడప వై.వి. స్ట్రీట్‌లోని ఒక స్టీలు సామాన్ల అంగడి కోసం పది సెకన్ల ప్రకటన వీడియో. ఎక్కువమంది వాట్సాప్ స్టేటస్‌లో ఫోన్ నిలువుగా పట్టుకుని చూస్తారు, కాబట్టి ఫ్రేము 9:16, సైజు 1080 × 1920, సెకనుకు 24 ఫ్రేములు. మొత్తం ఒకే షాట్, మధ్యలో కట్ లేదు. స్టూడియో చీకట్లో, తడిసిన నల్లటి బండ మీద ఒక స్టీలు నీళ్ల బాటిల్ నిదానంగా ఒక చుట్టు తిరిగి ఆగుతుంది. మనిషి లేడు, చెయ్యి లేదు, పక్కన గ్లాసు లేదు, నిమ్మకాయ ముక్కలు, ఐసు గడ్డలు, పుదీనా ఆకులు అసలే లేవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే: బండ తడిగా ఉండాలి, బాటిల్ పొడిగా ఉండాలి.

ఇది రెండు గోడల బాటిల్. లోపలి గోడకూ బయటి గోడకూ నడుమ గాలి తీసేసిన ఖాళీ ఉంటుంది. లోపల ఐసు నీళ్లు పోసినా ఆ చల్లదనం బయటి స్టీలు దాకా రాదు. అందుకే గాలిలోని తేమ దాని మీద చెమటగా పట్టదు. చెమట పట్టేది ఒంటి గోడ చెంబుకు, ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లాస్టిక్ సీసాకు. ‘చల్లగా ఉంది’ అని చూపించడానికి బాటిల్ ఒంటినిండా నీటి బొట్లు అద్దితే, మనం అమ్మే సరుకు పనిచెయ్యదని మనమే చెప్పుకున్నట్టు. ఇంతకుముందు తయారైన రెండు వీడియోలను అంగడి పెద్దాయన ఈ ఒక్క తప్పుకే వెనక్కి పంపినారు. ‘ఇది చెమటలు కక్కుతాంటే ఎవరు కొంటారబ్బా’ అన్నారు. కాబట్టి బాటిల్ మీద ఒక్క బొట్టు కూడా వద్దు, ఆవిరి వద్దు, మంచు పొర వద్దు. అడుగున, బండను ఆనుకున్న చోట మాత్రం సన్నటి తడి గీత, మూడు మిల్లీమీటర్లకు మించకుండా. అక్కడ నీళ్లు స్టీలును పట్టుకుని కొంచెం పైకి వంగి నిలబడాలి.

బాటిల్: 750 మిల్లీలీటర్లు పట్టేది, ఎత్తు 26 సెంటీమీటర్లు, అడ్డం ఏడు సెంటీమీటర్ల పైచిలుకు. నిలువుగా సమానమైన గొట్టం ఆకారం, పైన భుజం గుండ్రంగా వంగి మెడలోకి కలుస్తుంది. మూత కూడా స్టీలే, మరతో బిగించేది. మూత మీద వేలు దూర్చి పట్టుకునే వంపు కడ్డీ ఒకటి. రంగు పూత లేదు. 304 రకం స్టీలు, అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసినది. దాని సహజమైన రంగు, కొంచెం వెచ్చదనం ఉన్న బూడిద తెలుపు. బాత్రూము కుళాయి మీది క్రోము పూతలాగా నీలంగా తళతళలాడకూడదు, అద్దంలాగా కూడా ఉండకూడదు. ఒంటి చుట్టూ అడ్డంగా వెంట్రుకవాసి సన్నటి గీతలు, లేత్ మీద తిప్పి రుద్దినట్టు. మెడ దగ్గర ఒక వేలెడు పట్టీ మాత్రం నునుపుగా, మెరుపుగా.

బాటిల్ మీద ఏ భాషలోనూ అక్షరం ఉండకూడదు. మా దగ్గర స్టీలు సామాను కొంటే అంగట్లోనే దాని మీద పేరు కొట్టించుకుంటారు, పెళ్లి సామాను అయితే మరీ. ఆ పేరు మేము చివరి రెండు సెకన్ల మీద ఎడిటింగులో పెట్టుకుంటాం. తెలుగు ఒత్తులూ గుణింతాలూ గజిబిజిగా వచ్చిన అక్షరాల కంటే ఖాళీ స్టీలే మేలు.

బండ: కడప రాయి. గ్రానైట్ కాదు, పాలరాయి కాదు. చుక్కలు చుక్కలుగా మెరిసే పలుకులు వద్దు, తెల్లటి నరాలు వద్దు. కడప రాయి సున్నపురాయి జాతిది, పొరలు పొరలుగా విడుతుంది. పైభాగం పాలిష్ పట్టింది కాదు, పొర లేచినప్పుడు మిగిలే సహజమైన ఎత్తుపల్లాలు ఉండాలి, చేత్తో నిమిరితే తెలిసేంత. ముందు అంచు ఫ్రేములో కనిపించాలి. రెండంగుళాల మందం, అందులో పుస్తకం కాగితాల్లాగా అడ్డంగా సన్నటి పొరల గీతలు. రంపంతో కోసిన అంచు కాదు, సుత్తితో కొట్టిన అంచు.

తడి ఎలా ఉండాలంటే, పొద్దున్నే అరుగు కడిగి చీపురుతో నీళ్లు తోసేసిన తర్వాత రెండు నిమిషాలకు ఉండేలా. ఈ రాయి పొడిగా ఉంటే బూడిద నలుపు, తడిస్తే కాటుక నలుపు. రెండూ కనిపించాలి. బాటిల్ చుట్టూ జానెడు మేర బాగా తడి, పల్లంగా ఉన్నచోట్ల పలచటి నీటి పొర, దూరంగా కుడి మూల ఆరుతున్న మచ్చ ఒకటి. అక్కడక్కడా విడి బొట్లు, ఒకే సైజులో కాకుండా. నూనె పోసినట్టు జిడ్డు మెరుపు రాకూడదు. బాటిల్ నీడబింబం తడిలో కనిపించాలి కానీ అద్దంలో చూసినట్టు కాదు, ఎత్తుపల్లాల దగ్గర తెగి, నీరు నిలిచిన చోట మళ్లీ అతుక్కుని.

లైట్లు. స్టీలును ఫొటో తియ్యడమంటే స్టీలు చూస్తున్న వస్తువులను ఫొటో తియ్యడమే. అందుకే దాని చుట్టూ ఏముందో లెక్కగా చెప్తున్నాను.

ఎడమవైపు, బాటిల్‌కు కొంచెం వెనకగా, మనిషి ఎత్తు సన్నటి సాఫ్ట్‌బాక్స్ నిలువుగా. దాని ముందు అడుగు దూరంలో తెల్లటి పలచటి గుడ్డ. దీనివల్ల బాటిల్ ఎడమవైపు భుజం నుంచి అడుగు దాకా ఒక పొడవాటి వెలుగు పట్టీ పడాలి. పట్టీ ఎడమ అంచు కొంచెం పదునుగా, కుడి అంచు మసకబారుతూ చీకట్లో కలిసిపోవాలి. ఆ మసకే బాటిల్ గుండ్రంగా ఉందని కంటికి చెప్తుంది. కుడివైపు ఇంకో సన్నటి సాఫ్ట్‌బాక్స్, ఇంకా వెనకకు జరిపి, మొదటిదానిలో నాలుగో వంతు వెలుగుతో. దానివల్ల కుడి అంచున గీతలాంటి వెలుగు మాత్రమే. నడుమ భాగం చీకటిగానే ఉండాలి. కెమెరా వెనక నల్లగుడ్డ కట్టినట్టు అనుకోవాలి, స్టీలు మధ్యలో కనిపించేది ఆ నలుపే. మూడో లైటు బాటిల్ వెనక, బండకు జానెడు ఎత్తులో, బండ మీదుగా కెమెరా వైపు జారేలా. నీటి బొట్లు మెరవాల్సింది ఈ లైటు వల్లనే. లైటు తానుగా ఫ్రేములో కనిపించకూడదు.

మూడు లైట్లూ 5600 కెల్విన్ తెలుపు. చల్లదనం చూపించడానికి నీలం రంగు కలపవద్దు, కలిపితే స్టీలు ప్లాస్టిక్‌లా అవుతుంది. వెనక గోడ కనిపించకూడదు. కింద బొగ్గు బూడిద రంగు, పైకి పోయేకొద్దీ పూర్తి నలుపు. స్టీలులో కిటికీ, మనిషి, కెమెరా కాళ్లు కనిపించకూడదు. బాటిల్ కింది మూడో వంతులో మాత్రం తడి బండ కొంచెం వంపు తిరిగి కనిపించాలి.

తిరగడం. దీన్ని కంగారుగా చదవొద్దు, ఎక్కువ వీడియోలు ఇక్కడే దెబ్బతింటాయి. గుండ్రటి బాటిల్ తన ఇరుసు మీద తిరిగితే దాని మీది వెలుగు పట్టీలు తిరగవు. లైట్లు కదలలేదు, బాటిల్ ఆకారం మారలేదు, కాబట్టి పట్టీలు ఉన్నచోటే నిలబడాలి. పట్టీలు కూడా బాటిల్‌తో పాటు చుట్టూ తిరిగితే అది వెలుగు కాదు, స్టిక్కరు. మరి తిరుగుతోందని ఎలా తెలుస్తుంది? మూత మీది వంపు కడ్డీతో. మొదట అది కెమెరాకు ఎదురుగా, పూర్తి వెడల్పుతో ఉంటుంది. పావు చుట్టుకు సన్నటి నిలువు కడ్డీలా కనిపిస్తుంది, అరచుట్టుకు మళ్లీ వెడల్పు, ముప్పావుకు మళ్లీ సన్నం, చివరికి మొదటి చోటికే. ఒంటి మీది సన్న గీతలు కూడా వెలుగు పట్టీ కింద కొద్దిగా మినుకుమినుకుమంటూ జరగాలి, వేలితో రాసినంత తేలికగా.

పైనుంచి చూస్తే గడియారం ముళ్ల దిశ. అంటే మనకు కనిపించే ముందువైపు కుడి నుంచి ఎడమకు జరుగుతుంది, తడిలోని బింబం కూడా అదే వైపు. ఎనిమిది సెకన్లలో ఒక పూర్తి చుట్టు, సగటున సెకనుకు 45 డిగ్రీలు. మొదటి అర సెకను మెల్లగా అందుకోవాలి, చివరి సెకను మెల్లగా తగ్గాలి. బాటిల్ మాత్రమే తిరుగుతుంది, బండ కదలదు. అడుగున తడి గీత చుట్టూ అతి సన్నటి అల ఒకటి, అంతకంటే చిందులు వద్దు. బాటిల్ ఊగకూడదు, నిట్టనిలువుగా ఉండాలి, ఒక్క ఫ్రేములోనూ పొడవు, లావు మారకూడదు.

కెమెరా కదలదు. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసినట్టు, బాటిల్ నడుము ఎత్తుకు కొంచెం పైనుంచి, పది డిగ్రీలు కిందికి చూస్తూ. బాటిల్ ఫ్రేము ఎత్తులో సగానికి కాస్త ఎక్కువ ఆక్రమించాలి. బాటిల్ మొత్తం, బండ ముందు అంచు స్పష్టంగా, వెనక బండ మెత్తగా మసక.

షాటులో బాటిల్, దాని అడుగున ఉన్న ఆ సన్నటి అల కాకుండా కదిలేది ఇంకొక్కటే. బండ ముందు అంచున, ఎడమవైపు, ఒక బొట్టు పోగవుతూ ఉంటుంది. మూడో సెకనుకు చిన్నది, ఆరో సెకనుకు బరువెక్కి కిందికి సాగుతుంది. ఎనిమిదో సెకనులో, సరిగ్గా బాటిల్ ఆగేటప్పుడు, తెగి ఫ్రేము బయటికి పడిపోతుంది. స్లో మోషన్ వద్దు, మామూలు వేగంతోనే పడాలి.

శబ్దం: సంగీతం లేదు. మొదట దూరంగా సీలింగ్ ఫ్యాను తిరిగే మెత్తటి చప్పుడు, అంతే. ఎనిమిదో సెకనులో బొట్టు పడిన ‘టప్’. వెంటనే నడివయసు ఆడమనిషి గొంతు, రాయలసీమ యాసలో, ఇంట్లో మాట్లాడినట్టు, ప్రకటన చదివినట్టు కాకుండా: ‘పొద్దున పోసిన నీళ్లు. మాపటికీ సల్లగుండాయి.’ రెండు వాక్యాల నడుమ ఊపిరి తీసుకునేంత విరామం. గొంతు మనదగ్గర రికార్డు చేసింది ఉంది, అదే వాడాలి.

చివరి రెండు సెకన్లు బాటిల్ పూర్తిగా నిశ్చలం, కడ్డీ కెమెరాకు ఎదురుగా, మొదటి ఫ్రేములో ఉన్నట్టే. ఫ్రేము పై భాగంలో నాలుగో వంతు నల్లగా ఖాళీగా వదలాలి, అంగడి పేరూ ఫోన్ నంబరూ అక్కడికే వస్తాయి.