సి షిఫ్టు వారాలు

మా నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరయ్యారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను పండగనో ఆదివారమనో ఆపడానికి వీలుండదు కాబట్టి, ఉదయం ఆరింటి ఎ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటి బి షిఫ్టు, రాత్రి పదింటి సి షిఫ్టు ఏడాది పొడవునా ఒకదాని వెంట ఒకటి నడుస్తూనే ఉంటాయి. గాజువాకలోని మా ఇంట్లో రోజుల లెక్క కూడా ఆ అక్షరాలతోనే సాగేది. సి షిఫ్టు వారంలో నాన్న పగటిపూట పడుకునేవారు గనుక అమ్మ కుక్కర్ పెట్టకుండా అన్నం వార్చేది. నేనూ తమ్ముడూ పోట్లాడుకున్నా సైగలతోనే. తలుపు కాస్త గట్టిగా పడితే చాలు, లోపలి గదిలోంచి నాన్న కేక వినబడేది. ఆయనకు మా మీద ప్రేమ లేదనే అనుకుంటూ పెరిగాను.

నిరుడు నాకు కూతురు పుట్టింది. నిద్ర చాలకపోవడమంటే ఆవలింతలూ బద్ధకమూ మాత్రమే కావని, వంటింట్లో చెంచా కింద పడిన చప్పుడుకే ఒళ్లంతా మండిపోతుందని, ఎంతో ఇష్టమైనవాళ్లు పలకరించినా జవాబు చెప్పే ఓపిక ఉండదని ఈ నెలల్లో నా శరీరానికే తెలిసివచ్చింది. నాకిది పాప కాస్త పెరిగేదాకానే. నాన్నకు మాత్రం ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నిద్రవేళ మారుతూనే ఉండేది. అందులోనూ మే నెల మధ్యాహ్నాలు, సముద్రపు గాలిలోని తేమకు చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్కపోత, కరెంటు కోతలు. అంత అలసటలోనూ, సాయంత్రం లేచాక మా స్కూలు బూట్లకు పాలిష్ వేసి గుమ్మం పక్కన వరసగా పెట్టేవారు. కేకలు గుర్తుపెట్టుకున్నంత బాగా ఆ బూట్లను నేను గుర్తుపెట్టుకోలేదు.

అమ్మ గురించి తెలిసింది స్నానాల వేళ. పాపకు నీళ్లు పోయడానికి అమ్మ చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద పాపను బోర్లా పడుకోబెట్టుకుంటుంది. వెన్నుకు నువ్వుల నూనె మర్దనా చేసి, మెడ మడతల్లో, చెవుల వెనక సున్నిపిండి రుద్ది, నీళ్ల వేడి తన మోచేతి మీద చూసుకుని పోస్తుంది. ముఖం మీదికి నీళ్లు జారకుండా ఎడమ అరచెయ్యి పాప నుదుటికి అడ్డంగా ఉంటుంది. ఇవన్నీ నీకెవరు నేర్పారని ఒకరోజు అడిగాను. అమ్మమ్మ మూడో నెల దాకా ఉండి బొబ్బిలి వైపు ఉన్న తమ ఊరికి వెళ్లిపోయిందని, ఆ తర్వాత సి షిఫ్టు రాత్రుల్లో ఇంట్లో తానూ నేనూ మాత్రమే ఉండేవాళ్లమని చెప్పింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు.

"భయమేసేది. లైటు ఆర్పకుండా నిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. మీ నాన్నకి చెప్తే ఫర్నేస్ దగ్గర ఆయన మనసు పని మీద నిలవదని చెప్పలేదు" అంది, పాప తల తుడుస్తూ.

ఇంతకాలం నేను అమ్మను మౌనంగా సర్దుకుపోయే మనిషిగానే చూశాను. ఆ మౌనం వెనక ఒక నిర్ణయం ఉందని, కరిగిన ఇనుము పక్కన నిలబడే మనిషి ప్రాణానికి తాను కాసే కాపలాగా ఆమె దాన్ని ఎంచుకుందని అప్పుడు తెలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కిటికీ రెక్కలు ఊడిపోతుంటే, అమ్మ మమ్మల్ని మధ్య గదిలో కూర్చోబెట్టి తీరిగ్గా చిక్కుడుకాయలు వలిచింది. ఆమెకు భయమంటే తెలియదని ఆనాడు అనుకున్నాను. మొన్న పిడుగు పడిన రాత్రి పాప నా ముఖంలోకి చూసినప్పుడు, నేను ఎంత ప్రయత్నం మీద నవ్వానో నాకే తెలుసు.

అయితే అర్థమైనవన్నీ ఒప్పుకోదగ్గవి కావు. అలసట వల్ల వచ్చిన కోపం వేరు, ఆలోచించి పెట్టిన నియమం వేరు. తమ్ముడు ఎనిమిదో తరగతిలోనే సైకిలు మీద యారాడ దాకా స్నేహితులతో వెళ్లివచ్చేవాడు. నేను కాలేజీలో చదువుతున్నప్పుడు కూడా దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటానంటే, పెదనాన్న కొడుకు ఎంపీసీ చదివి స్థిరపడ్డాడని నన్నూ అందులోనే చేర్పించారు. ఊళ్లో ఆడపిల్లకు ఏమవుతుందోనన్న భయమూ, నెల జీతం తప్ప వేరే ఆధారం లేని ఇంటి ఆత్రమూ ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ భయానికి మూల్యం మాత్రం ఇద్దరు పిల్లల్లో నా చేతే కట్టించడం అన్యాయమని ఇవాళ మరింత గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే నా చేతుల్లో ఉన్నదీ ఆడపిల్లే.

ఈ మాట అమ్మకు నేరుగానే చెప్పాను. పాపకు వేళలు పెడితే అవి రేపు తమ్ముడి కొడుక్కీ ఉండాలన్నాను. అమ్మ ఒప్పుకోలేదు, కాలం మంచిది కాదంది. నాన్న పేపరు మడిచి, "దాని చదువు దాని ఇష్టం, అందులో మాత్రం ఎవరూ తలదూర్చకండి" అన్నారు. వేళల సంగతి మా మధ్య ఇంకా తేలలేదు.