విషయం: పాయకాపురం ఇంటి అద్దె కాగితంలో 9వ షరతు గురించి

8-3-2026
విజయవాడ

నమస్కారం మాస్టారూ,

కింద పోర్షనులో ఉంటున్న లక్ష్మినండి. మీరూ పిన్నిగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను గానీ, అడగాల్సింది కాగితంలో ఉన్న మాటల గురించి. రాసి పంపితే మీరు తీరిగ్గా ఒరిజినల్ ముందు పెట్టుకుని చూసుకోవచ్చని వాట్సాప్‌లో పెడుతున్నాను. కొంచెం పెద్ద మెసేజే, ఓపిగ్గా చదవండి.

ఒరిజినల్ కాగితం మీతోపాటు హైదరాబాదులోనే ఉంది కదా. మా దగ్గర ఉన్నవి కిందటేడు జూన్‌లో మీ అల్లుడుగారు ఫోన్‌తో తీసి పంపిన మూడు ఫొటోలు. స్టాంపు పేపరు ఉన్న మొదటి పేజీ, సంతకాలున్న చివరి పేజీ చక్కగా కనిపిస్తున్నాయి. ఇబ్బందంతా రెండో పేజీతోనే. కాగితం మడత సరిగ్గా 9వ షరతు మీదుగా వెళ్లింది. ఆ మడత మీద ట్యూబ్‌లైటు వెలుగు పడి ఒకచోట అక్షరాలు తెల్లగా మాయమైపోయాయి. ఫోన్‌లో పెద్దది చేసి చూశాం, జిరాక్స్ షాపులో ప్రింటు కూడా తీయించాం. ప్రింటులో ఆ చోట ఇంకా అలుక్కుపోయింది. మాకు కనిపిస్తున్నంత వరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"9. సదరు పోర్షనును ఖాళీ చేయదలచిన యెడల రెండు నెలలు ముందుగా తెలియపరచవలెను. అట్లు తెలియపరచని యెడల .....డు నెలల అద్దె సొమ్ము మరియు రంగుల ఖర్చు అడ్వాన్సు నుండి మినహాయించుకొనుటకు ఓనరు గారికి పూర్తి హక్కు కలదు."

చుక్కలు పెట్టిన చోట చివరి "డు" ఒక్కటే కనబడుతోంది. అది "రెండు" అయినా కావచ్చు, "మూడు" అయినా కావచ్చు. నెలకు 11,000 లెక్కన ఒకటైతే 22,000, రెండోదైతే 33,000. మేం మీ దగ్గర ఉంచిన అడ్వాన్సే మొత్తం 33,000. మూడు నెలలు అనే ఉంటే అడ్వాన్సంతా అందులోనే పోతుంది, రంగుల ఖర్చు మినహాయించుకోవడానికి ఇంకేమీ మిగలదు. కాబట్టి అక్కడ రాసింది "రెండు" అనే అయ్యుండాలని మావారు అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ ఊహించుకుని ఊరుకునే విషయం కాదు కదండీ, ఒరిజినల్‌లో ఏముందో చూసి చెప్పండి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, మావారికి ట్రాన్స్‌ఫర్ టైము దగ్గరపడింది. ఈ బ్రాంచిలో మూడేళ్లు దాటింది. ఏప్రిల్, మే నెలల్లో లిస్టు వస్తుంది, ఒంగోలు వైపు వేస్తారేమోనని అనుకుంటున్నారు. రావచ్చు, రాకపోవచ్చు. వచ్చిందంటే మాత్రం వారం పది రోజుల్లో వెళ్లి జాయిన్ అవ్వాలి. ఆర్డరు చేతికి రాకముందే రెండు నెలల ముందు మీకు చెప్పడం మా చేతుల్లో లేదు. పోనీ ముందే ఖాళీ చేస్తామని చెప్పేస్తే, ట్రాన్స్‌ఫర్ రాకపోతే బాబు స్కూలు మధ్యలో ఇల్లు వెతుక్కుంటూ తిరగాలి. రాత్రిళ్లు ఇద్దరం కూర్చుని ఇదే లెక్క వేసుకుంటున్నాం. ఒంగోల్లో ఇల్లు తీసుకోవాలంటే అక్కడా అడ్వాన్సు కట్టాలి, సామాను లారీ ఖర్చు ఉంటుంది, బాబుకి కొత్త స్కూలు ఫీజు ఉంటుంది. మీ దగ్గరున్న అడ్వాన్సులో ఎంత తిరిగి వస్తుందో తెలిస్తే ఆ మేరకు మేం సర్దుకుంటాం. తెలియకపోవడమే టెన్షన్‌గా ఉంది.

అందుకని మొదట అడిగేది ఇది. ఉద్యోగం ట్రాన్స్‌ఫర్ వల్ల ఉన్నపళంగా వెళ్లాల్సి వస్తే కూడా ఈ షరతు ఇలాగే వర్తిస్తుందా? ఆర్డరు వచ్చిన రోజే మీకు కాపీ పంపిస్తాం. ఇల్లు చూపించడానికి ఎవరొచ్చినా తలుపు తీసి చూపిస్తాం, ఈ వీధిలో పోర్షను కోసం అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటూనే ఉంటారు. కొత్తవాళ్లు దిగే రోజు వరకు మాత్రమే అద్దె మా దగ్గర పట్టుకుంటే మాకు న్యాయంగా అనిపిస్తుంది. మీకెలా అనిపిస్తుందో చెప్పండి.

రెండోది గడువు సంగతి. కాగితం 2025 జూన్ 1 నుంచి పదకొండు నెలలకు రాసుకున్నాం, అంటే ఈ ఏప్రిల్ 30తో అయిపోతుంది. గడువు దానంతటదే ముగిసి వెళ్లిపోయేవాళ్లు కూడా రెండు నెలల ముందు చెప్పాలా, లేక గడువు మధ్యలో వెళ్లేవాళ్లకేనా ఆ మాట? 9వ షరతు పక్కన మార్జిన్‌లో నీలం పెన్నుతో ఏదో రాసి ఉంది. "గడువు తర్వాత" అన్నంత వరకే ఫొటోలో పడింది, మిగతాది అంచు బయటికి పోయింది. మూడో పేజీలో మన సంతకాలు కనబడుతున్నాయి గానీ, ఈ చేతిరాత పక్కన పొట్టి సంతకాలు ఉన్నదీ లేనిదీ ఫొటోలో తెలియడం లేదు. ఆ వాక్యం పూర్తిగా ఏమిటో, ఎప్పుడు రాసిందో తప్పకుండా చెప్పండి మాస్టారూ. మిగతా షరతులన్నీ టైపు చేసినవే, చేత్తో రాసింది అదొక్కటే, అందుకే దాని మీద ధ్యాస పోతోంది.

మూడోది రంగులు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. "అట్లు తెలియపరచని యెడల" అన్న మాట నెలల అద్దెకి, రంగుల ఖర్చుకి రెండింటికీ కలిపి రాశారని నేను చదువుకున్నాను. అంటే టైముకి చెప్పి వెళ్తే రంగుల డబ్బులు పట్టుకోరు అని. మీ అల్లుడుగారు మొన్న కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినప్పుడు మాటల్లో "ఎప్పుడు వెళ్లినా రంగులు మీ లెక్కలోనే కదా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు, నేనేమీ తప్పుగా అనుకోలేదు. కానీ మీ ఉద్దేశం ఏమిటో మీ నోట వినాలి. మేం ఇంట్లో దిగినప్పుడు మీరు హాల్లో నిలబడి "గోడలకు మేకులు కొట్టకండమ్మా, అది చాలు" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నాం. క్యాలెండరు కూడా మీరు ముందే కొట్టించిన మేకుకే వేలాడుతోంది.

గోడల పరిస్థితి మీకు తెలియాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఈ పోర్షనులో నడుము ఎత్తున నిలిచాయని, తర్వాత మీరు పుట్టీ పెట్టించి రంగులు వేయించారని మీరే చెప్పారు. పైన గోడ ఇప్పటికీ కొత్తదానిలా ఉంది. కింద మాత్రం, వంటింటి వెనక గోడకి, చిన్న బెడ్‌రూములో బీరువా పక్కన, నేల నుంచి మోకాలి ఎత్తు దాకా రంగు పొక్కిపోయి పొరలు పొరలుగా రాలుతోంది. చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుకుంటుంది. వాన పడినా పడకపోయినా ఆ చెమ్మ పోవడం లేదు. వరద నీరు పీల్చుకున్న ఇటుక పూర్తిగా ఆరకముందే పైన రంగు పడితే ఇలాగే అవుతుందని మేస్త్రీ కూడా అన్నాడు. బీరువాని గోడకి జానెడు దూరం జరిపి పెట్టుకున్నాం. ఇది మా వాడకం వల్ల వచ్చింది కాదండీ. మావాడు హాల్లో స్విచ్‌బోర్డు కింద పెన్సిలుతో గీసిన గీతలున్నాయి, అవి మావే. వెళ్లేలోపు ఆ గోడకి మేమే రంగు వేయిస్తాం. చెమ్మ పట్టిన గోడల ఫొటోలు ఈ మెసేజ్ కింద పంపుతున్నాను, చూడండి.

మా తమ్ముడు లా చదువుతున్నాడు. వాడిని అడిగితే, ఆస్తి బదిలీ చట్టం 1882లో 108వ సెక్షను ప్రకారం అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలని, అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అందులోకి రాదని చెప్పాడు. కాగితంలో వేరే మాట రాసుకోనప్పుడు, నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు చాలని 106వ సెక్షనులో ఉందట. మనం రెండు నెలలని రాసుకున్నాం కాబట్టి మనకి ఆ కాగితమే లెక్క. అందుకే అందులో ఉన్న ప్రతి మాటా సరిగ్గా తెలుసుకోవాలని అడుగుతున్నాను. చట్టం పేరెత్తి మీతో వాదన పెట్టుకోవాలని కాదు. వరదల తర్వాత ఈ చుట్టుపక్కల చాలామంది అద్దెలు పెంచారు, మీరు పెంచలేదు. పిన్నిగారు వెళ్లేటప్పుడు ఇచ్చిన కరివేపాకు మొక్క మా గుమ్మం ముందే పెరిగి పెద్దదైంది. ఆ మంచితనం మేం మర్చిపోం. ఇంత చనువుగా రాయగలిగింది కూడా అందుకే.

నోటీసు ఎలా ఇవ్వాలో కూడా కాగితంలో కనబడలేదు. ఈ వాట్సాప్ మెసేజ్‌నే తెలియపరచడం కింద లెక్క వేయకండి, ఇది వివరం అడగడానికి మాత్రమే. మేం ఖాళీ చేస్తున్నామని ఇంకా చెప్పడం లేదు. రేపు చెప్పాల్సి వస్తే వాట్సాప్ సరిపోతుందా, ఉత్తరం పోస్టులో పంపాలా? రెండు నెలలు చెప్పిన రోజు నుంచి లెక్కా, లేక ఆ తర్వాత వచ్చే ఒకటో తారీఖు నుంచా? మీరు ఏది చెబితే అలాగే చేస్తాం.

ఇక ఫొటో సంగతి. రెండో పేజీని మడత విప్పి, పైన ఏదైనా బరువు పెట్టి కాసేపు ఉంచి, పగటి పూట కిటికీ దగ్గర లైటు వేయకుండా మళ్లీ ఒక ఫొటో తీయించండి. నాలుగు అంచులూ పడాలి, మార్జిన్‌లో చేతిరాత కోసం. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్ అని ఉన్న చోట నుంచి పంపితే మసకబారదు. మీ మనవరాలికి చెబితే నిమిషంలో చేసేస్తుంది. అది కుదరకపోతే జిరాక్స్ తీయించి కొరియర్‌లో పంపండి, ఖర్చు నేను ఫోన్‌పే చేస్తాను.

మీ జవాబు కూడా రెండు ముక్కలైనా సరే రాసి పంపండి మాస్టారూ. ఫోన్‌లో చెప్పింది ఇద్దరం తలొక రకంగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో ట్రాన్స్‌ఫర్ల మాట మొదలవుతుంది కాబట్టి ఈ నెల 20లోగా తెలిస్తే మాకు మేలు. ఇక్కడే ఉండేలా అయితే కొత్త కాగితం రాసుకునేటప్పుడు 9వ షరతుని, రంగులు ఎప్పుడు ఎవరు పెట్టుకోవాలో విడివిడిగా రాయించుకుందాం. అప్పుడు రెండు ఒరిజినళ్లు చేయించి ఒకటి మాకివ్వండి. స్టాంపు పేపర్ల ఖర్చు సగం మేం పెట్టుకుంటాం.

ఈ నెల అద్దె 5వ తారీఖునే వేశాను, అందిందో లేదో ఒకసారి చూసుకోండి. మోటారు ఫ్యూజు పోతే పై పోర్షను వాళ్లతో కలిసి బాగు చేయించాం, అయిన 450లో మా వాటా మేమే ఇచ్చాం.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పండి.

ఉంటాను మాస్టారూ,
లక్ష్మి
కింద పోర్షను, పాయకాపురం